మోగాల్సిన ఫోను

మా ఫ్లైఓవరు కింద ఆయన్ని అందరూ చార్జరు బావ అంటారు. యాప్‌లో వేరే పేరుంది గానీ అది కస్టమర్లకు కనిపించడానికి, మాకు దానితో పని పడలేదు. పొద్దున వచ్చి బండికి స్టాండు వేయగానే మేమంతా టీ వైపు చూస్తే ఆయన గోడ వైపు చూసేవాడు, ప్లగ్గు ఎక్కడ ఖాళీగా ఉందా అని. టీ కొట్టులో ఫ్యాను తిరుగుతుంటే దాన్ని పీకి తన వైరు గుచ్చేవాడు. కొట్టతను గుడ్లురిమితే ఐదు నిమిషాలే తమ్ముడూ అని బతిమాలేవాడు. ఆ ఐదు నిమిషాలు ముగిసేసరికి కొట్టతని చొక్కా పిండితే బకెట్టు నిండేది.

మా పని గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఫ్లైఓవరు అవతల ఒకే వరుసలో వంటశాలలున్నాయి. కూర్చుని తినడానికి అక్కడ బల్లలుండవు, వెనక కిటికీలోంచి పొట్లాలు మాత్రం వస్తాయి. వాటిని బండి మీద ఇళ్ళకు చేర్చడం మా బతుకుతెరువు. ఆర్డరు వస్తే ఫోను గంట కొడుతుంది, ముందు ఎవరు నొక్కితే వాళ్ళది. కాసేపట్లో నొక్కకపోతే మనమే వద్దన్నట్టు యాప్ లెక్క వేసుకుంటుంది. నెట్ రాలేదా, నిద్రపోయావా, చేతులు తడిగా ఉన్నాయా అని అది అడగదు. వద్దన్నవి ఎక్కువైతే ముందు హెచ్చరిక వస్తుంది, తరువాత ఖాతా మూస్తారు. పైవాడి కాళ్ళు పట్టుకుందామన్నా ఆ పైవాడికి కాళ్ళు లేవు.

చార్జింగు కోసం బావ అంత యావ పడటానికి కారణం అక్క. ఆయన భార్యను నేను అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆవిడకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రి కింది అంతస్తులో మిషను మీద పడుకోవాలి, రక్తం శుభ్రం చేయించుకోవాలి. అంతకుముందు బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుట్టేది. నోరు మంచిదే గానీ ఊరుకునే నోరు కాదు. బావ వంట వంక పెడితే, ఊరందరి వంటా మోసి మోసి మీకు నాలిక కాయ కాసిపోయింది అనేది. జబ్బు వచ్చాక కూడా ఆ నోరు తగ్గలేదు, గొంతు మాత్రం తగ్గింది.

కిడ్నీ ఇచ్చేందుకు సొంతవాళ్ళలో ఎవరిదీ సరిపడలేదు. ఆసుపత్రి వాళ్ళు వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టారు. ఆ లిస్టు చూసే మేడం బావను ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పిందట. చనిపోయినవాళ్ళ కిడ్నీ ఎప్పుడు వస్తుందో దేవుడికి కూడా తెలియదు, వచ్చినప్పుడు మేం ఫోన్ చేస్తాం, మీరు ఎత్తాలి, వెంటనే బయలుదేరాలి. ఎత్తకపోతే రెండో నంబరుకు చేస్తాం. అదీ ఎత్తకపోతే లిస్టులో తరువాతి మనిషిని పిలవక తప్పదు, కిడ్నీ మన కోసం కాచుకుని కూర్చోదు అని. మొదటి నంబరు బావది. రెండోది బావమరిదిది, అంటే అక్క తమ్ముడిది. అతను కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, ఫోను గేటు దగ్గర పెట్టి లోపలికి వెళ్ళాలి. అక్కకు ఫోను లేదు. ఉన్నదాన్ని మందుల కాలంలో అమ్మేశారు. అవసరమైతే పక్కింటావిడ ఫోనులోంచి నెట్ కాల్ చేసేది.

అంటే ఒక మనిషి ప్రాణం ఇంకో మనిషి చొక్కా జేబులో ఉందన్నమాట. ఆ జేబులో ఉన్న ఫోనేమో మధ్యాహ్నం భోజనాల వేళకే కొన ఊపిరితో ఉండేది.

దాని కాక చూడాలి మీరు. మునివేళ్ళతో పట్టుకోవాల్సి వచ్చేది. పవర్ బ్యాంకు ఒకటి ఉండేది గానీ అది ఎండకు ఉబ్బి పగిలింది. బావ బ్యాటరీ మార్పించాడు. కొత్త బ్యాటరీ నాలుగు రోజులు ముచ్చటగా ఉండి, పాతదాని దారే పట్టింది. అప్పుడు వంటశాలల పక్క సందులో ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. మేం ఆవిడను స్క్రూడ్రైవరమ్మ అంటాం, ఎదురుగా మాత్రం అక్కా అంటాం. ఆవిడ ఫోను ఇప్పకుండానే ఇల్లెక్కడ, ఆసుపత్రి ఎక్కడ, ఎక్కువసేపు ఎక్కడుంటావు అని అడిగింది. మేమేదో జబ్బు మనిషిని తెచ్చినట్టు.

"మీ ఇంటి దగ్గర 5జీ ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు" అంది చివరికి. "నువ్వేమో ఆటోలో పెట్టావు. ఆటో అంటే 5జీ దొరికితే 5జీ, లేకపోతే 4జీ. మీ సందులో అది కాసేపు దొరుకుతుంది, కాసేపు జారిపోతుంది. ఫోను దాన్ని పట్టుకోవడం, వదిలేయడం, 4జీకి దిగడం, మళ్ళీ వెతకడం. రాత్రంతా ఇదే పని. బ్యాటరీ కాలిపోక ఏం చేస్తుంది? 4జీలో పెట్టెయ్. ఆ వెతుకులాట ఆగిపోతుంది."

సెట్టింగుల్లోకి వెళ్ళి, మొబైల్ నెట్‌వర్కు అని ఉన్నచోట ఆటో తీసి 4జీ పెట్టింది. అంతే, ఇంకేం చేయలేదు. చేసిన పనికి ఏమీ తీసుకోలేదు కూడా. మరుసటి రోజు సాయంత్రానికి బావ ఫోనులో సగానికి పైగా చార్జింగు మిగిలింది. ఆయన దాన్ని మా అందరికీ తిప్పి చూపించాడు, మనవడు పుట్టినట్టు. ఆ రాత్రి చాలా కాలం తరువాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానని చెప్పాడు.

కథ ఇక్కడ ఆగిపోతే నేను మీకు చెప్పేవాణ్ణే కాదు.

ఫ్లైఓవరు కింద సాయంత్రం అయ్యిందంటే జనం. ఎదురుగా బస్టాండు, ఆఫీసులు వదిలే వేళ, ఒక్కొక్కడి చేతిలో ఒక్కో ఫోను, అందరూ ఒకే 4జీ టవరు మీద పడతారు. పంపు ఒకటే, బిందెలు వెయ్యి. సిగ్నలు గీతలు నిండుగా ఉంటాయి, డేటా మాత్రం చుక్కలు చుక్కలుగా రాలుతుంది. మ్యాపు సగం తెరుచుకుని బూడిద రంగులో నిలబడిపోతుంది. ఎదుటి మేడ మీద కొత్తగా 5జీ యాంటెన్నా పెట్టారు. దాని మీద అంత రద్దీ లేదు. మేం దాని మీద నొక్కిన ఆర్డరు మాకు దక్కేది, బావకు గంట మోగేసరికి అది మా సంచుల్లో ఉండేది. ఆయన నొక్కేవాడు, వేరొకరు తీసుకున్నారని వచ్చేది. కొన్నిటికి గంట మోగేది కూడా కాదు, గడువు దాటాక మాత్రం మీరు వద్దన్నారని లెక్కలో పడేది.

మళ్ళీ ఆటోలో పెట్టి చూశాడు. ఇంటికెళ్ళేటప్పుడు 4జీకి మార్చుకోవాలి, ఇక్కడికొచ్చాక ఆటోకు మార్చుకోవాలి అని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పద్ధతి బాగానే ఉంది, పాటించాల్సినవాడే అలిసిపోయి ఉన్నాడు. ఒక రాత్రి మార్చడమూ, చార్జింగు పెట్టడమూ మరిచాడు. తెల్లారి అక్కను మిషను దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఫోను చచ్చి ఉంది. ఆ పొద్దున ఆయన లిస్టు మేడం గది ముందు నిలబడి, నిన్న రాత్రి నాకేమన్నా ఫోన్ చేశారా అని అడిగి, లేదనిపించుకున్నాకే కిందికి దిగాడట. ఆ తరువాత ఆటో ముఖం చూడలేదు. ఆర్డర్లు పోతే పోనీ, ఫోను బతికుంటే చాలన్నాడు.

మాలో కాలేజీ అని ఒకడున్నాడు. పై చదువు మధ్యలో మానేసినవాడు. వాడు ఒక కిటుకు పట్టుకొచ్చాడు. ఆటోలో పెట్టినా ఫోను ఊరికే ఉన్నప్పుడు చాలాసార్లు 4జీ మీదే కునుకు తీస్తుంది, ఆర్డరు వచ్చే వేళకు అక్కడే ఇరుక్కుపోతుంది. దానికి మందుగా వాడు నంబరు కొట్టే చోట ఒక కోడ్ కొట్టేవాడు. మామూలు సెట్టింగుల్లో కనిపించని పేజీ ఒకటి తెరుచుకునేది. అందులో 5జీ మాత్రమే అనేది ఎంచుకోవచ్చు. అది పెడితే ఫోను ఇక 4జీ వైపు తిరిగి చూడదు. మేడ మీది యాంటెన్నాను పట్టుకుని వదలదు. ఆర్డర్లు టపటపా వచ్చి పడేవి.

దానికి ఒక చిక్కుందని స్క్రూడ్రైవరమ్మ మాకందరికీ ముందే చెప్పింది. మనం వాడే సిమ్ములకు 5జీ మీద నెట్ నడుస్తుంది గానీ మామూలు ఫోన్ కాల్, మెసేజీ నడవవు. ఎవరైనా ఫోన్ చేస్తే నెట్‌వర్కు మన ఫోన్ను 4జీకి దించి అక్కడ మాట్లాడిస్తుంది. ఆటోలో ఆ దిగడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. 5జీ మాత్రమే పెడితే 4జీ తలుపు మూసినట్టే, కాల్ దిగడానికి దారి ఉండదు. చేసినవాళ్ళకు అందుబాటులో లేరని వినిపిస్తుంది, మన దగ్గర చీమ చిటుక్కుమనదు. నెట్ కాల్ మాత్రం వస్తుంది, అది డేటాయే కాబట్టి.

అందుకని మాకొక అలవాటు ఏర్పడింది. ఆర్డరు కోసం కాచుకున్నంతసేపూ 5జీ మాత్రమే. ఆర్డరు పడి బండి తీసేటప్పుడు మళ్ళీ ఆ పేజీలోకి వెళ్ళి ఆటోకు దించుకోవాలి, లేకపోతే కస్టమరు చేసే ఫోను అందదు, వాడు గేటు దగ్గర తిడతాడు. ఎవడు బండి తీసినా పక్కవాడు "దించావా?" అని అడగాలి. అడగనివాడు ఆ పూట టీలు పోయించాలి. ఇది మా చట్టం. బావ మాత్రం ఈ ఆటలోకి రాలేదు. ఆ ఒక్క ఫోను రాకపోతే నేనేమైపోవాలి అని తల అడ్డంగా ఊపేవాడు.

యాప్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఆర్డర్లు తరచుగా వద్దంటున్నారు, ఇలాగే ఉంటే ఖాతా నిలిపేస్తాం అని. బావ దాన్ని చదివి ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు బండి సీటు తుడుస్తూ కూర్చున్నాడు. అది ముందే శుభ్రంగా ఉంది. ఖాతా పోతే పని పోతుంది, పని పోతే మిషను ఎవరు నడిపిస్తారు? మిషను లేకపోతే లిస్టులో పేరుండి ఏం లాభం? ఆయన పైకి నాతో అన్నది మాత్రం ఇంతే.

"సాయంత్రం రద్దీలో కొంచెంసేపే పెడతాను తమ్ముడూ. మధ్యమధ్యలో దించి చూసుకుంటాను. వాళ్ళు ఒక్కసారి చేసి ఊరుకోరుగా."

నేను సరేనన్నాను. ఎవరైనా సరేననేవారు. మనిషి మునిగిపోతుంటే చేతికి దొరికింది పట్టుకోనివ్వాలి గదా.

కొంతకాలం పద్ధతిగానే నడిచింది, ఇంట్లో 4జీ, ఫ్లైఓవరు కింద ఆటో, రద్దీలో 5జీ మాత్రమే. ఆర్డరు లేనప్పుడల్లా దించి కాసేపు చూసుకునేవాడు, మళ్ళీ ఎక్కించేవాడు. ఆ కోడ్ ఆయన వేళ్ళకు జపంలా వచ్చేసింది. యాప్ నుంచి హెచ్చరికలు ఆగాయి. అక్క కూడా మొహం తేటపడిందేం, ఎవరైనా నచ్చారా అని ఆటపట్టించిందట.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. వానంటే మాకు పండగ, ఒక్కడూ ఇల్లు కదలడు, అందరికీ ఆకలేస్తుంది. బావకు ఆర్డరు పడింది. కిటికీలోంచి పొట్లం ఇస్తున్నవాడు తొందర పెడుతున్నాడు. వేళ్ళు తడిగా ఉన్నాయి, ఫోను మీద కోడ్ కొడితే ఒక అంకెకు బదులు ఇంకోటి పడుతోంది. ఇది కుదిరేలా లేదని ఆయన దగ్గరి దారి తొక్కాడు, మామూలు సెట్టింగుల్లోకి వెళ్ళాడు. అక్కడ మొబైల్ నెట్‌వర్కులో ఆటో అనే దాని పక్కనే టిక్కు ఉంది. సరే, ఇందాకే దించినట్టున్నాను అనుకున్నాడు.

"దించావా?" అని నేనే అడిగాను.

"దించాను" అన్నాడు.

అబద్ధమాడలేదు. కళ్ళతో చూసిందే చెప్పాడు.

ఇక ఆ సాయంత్రం ఒక ఆర్డరు ఇచ్చేసరికి ఇంకోటి పడింది. కాచుకోవడమే లేదు కాబట్టి ఆ పేజీ తెరిచే పనే పడలేదు. ఫోను బంగారంలా పనిచేసింది. మ్యాపు ఎక్కడా ఆగలేదు, వేడెక్కలేదు, 5జీ బలంగా ఉన్న వీధుల్లోనే తిరిగాడు కాబట్టి చార్జింగు కూడా దిగలేదు. పక్కింటావిడ ఫోను నుంచి అక్క నెట్ కాల్ చేస్తే అదీ వచ్చింది. తిని పడుకో, నేను తడిసి వస్తాను, పొడి లుంగీ తలుపు దగ్గర పెట్టు అని చెప్పాడు. కస్టమర్లెవరూ ఫోన్ చేయడం లేదేంటని అనుమానం రాలేదు. వానలో తిండి తెచ్చినవాడికి ఫోన్ చేసి ఏమంటారు, తలుపు తీసుకుని నిలబడతారు. మా దగ్గరికి వచ్చి, ఈ రోజు నా ఫోను నా మాట వింది తమ్ముడూ అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. ఎవరిని కొట్టాలో తెలియదు.

ఆ రాత్రి తడిసి ఇంటికెళ్ళి, ఫోనుకు చార్జింగు పెట్టి, 4జీకి మార్చే సంగతి మరిచి నిద్రపోయాడు. మరునాడు మిషను రోజు. ఆసుపత్రి కింది అంతస్తులో 5జీ గాలి కూడా సోకదు, 4జీ మాత్రం లోపల పెట్టిన చిన్న యాంటెన్నాతో వస్తుంది. అక్కను మంచం మీద పడుకోబెట్టి, నర్సు గొట్టాలు తగిలిస్తుంటే ఆయన ఫోను చూశాడు. సర్వీసు లేదు అని ఉంది. ఇక్కడ 4జీ ఎప్పుడూ వచ్చేదే కదా అనుకుని సెట్టింగుల్లోకి వెళ్ళి 4జీ అని నొక్కాడు.

గీతలు వచ్చాయి. వాటి వెనకే మెసేజీలు వచ్చాయి. మీరు అందుబాటులో లేనప్పుడు ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఆ నంబరు ఆయనకు కంఠతా వచ్చు.

మెట్లెక్కి పైకి ఎలా వెళ్ళాడో తెలియదన్నాడు. లిస్టు మేడం లేచి నిలబడి ఆయన్ని కూర్చోమంది. ఆవిడ మంచి మనిషి, ఆ మాట బావే చెప్పాడు. నిన్న సాయంత్రం అక్కకు సరిపడే కిడ్నీ వచ్చింది. చేస్తూనే ఉన్నారు, అందుబాటులో లేరని వచ్చింది. బావమరిది ఫోను గేటు దగ్గర మోగి మోగి ఆగింది. చేయగలిగినంతసేపు చేసి, తరువాతి మనిషిని పిలిచారు. రాత్రే ఆపరేషను అయిపోయింది.

"ఫోనులో చార్జింగు ఉందమ్మా" అన్నాడట బావ. "పడుకునేటప్పుడు కూడా ఉంది. మీరు చూడండి, ఇప్పుడు కూడా ఉంది."

ఆవిడ ఫోను వైపు చూసి, ఉందండీ అందట. పేరు లిస్టులో అలాగే ఉంటుంది, మళ్ళీ వస్తే మళ్ళీ చేస్తాం అని చెప్పింది.

కిందికి వచ్చి అక్కకు చెప్పాడు. దాచేద్దామా అని మెట్ల మీద ఆగాడట గానీ, ఆవిడ దగ్గర దాచడం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. మిషను తిరుగుతూనే ఉంది.

"ఎవరికి పెట్టారట?" అని అడిగింది అక్క.

తెలియదన్నాడు.

"వాళ్ళాయన ఎత్తాడన్నమాట ఫోను" అంది.

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే బావ తట్టుకునేవాడు. మొహం గోడ వైపు తిప్పుకుంది. బండి మీద వెనక కూర్చుని రోజూ ఆయన భుజం పట్టుకునే మనిషి, ఆ రోజు సీటు వెనక కమ్మీ పట్టుకుంది.

సాయంత్రం ఆయన్ని స్క్రూడ్రైవరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. జరిగింది పోదు, కనీసం ఎలా జరిగిందో తెలియాలి. ఆవిడ ఆ దాగిన పేజీలో 5జీ మాత్రమే పెట్టి, బయటికొచ్చి మామూలు సెట్టింగులు చూపించింది. టిక్కు ఆటో దగ్గరే ఉంది. "ఈ ఫోనులో ఇంతే" అంది. "లోపల మార్చింది పైపేజీకి తెలియదు. పాత టిక్కే చూపిస్తూ ఉంటుంది. ఆ టిక్కు మీద ఎంత నొక్కినా మారదు. ఒకసారి 4జీ నొక్కి మళ్ళీ ఆటోకు రావాలి, లేకపోతే లోపలి పేజీలోనే దించాలి." చెబుతూ చెబుతూ బావ మొహం చూసి ఆపేసింది. ఆ కిటుకు తెచ్చిన కాలేజీ ఆ రోజు నుంచి మా గుంపులో నిలబడటం మానేశాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, అదే వాడికి ఎక్కువైంది.

ఒక చిన్న బటన్ల ఫోను కొని అక్క దగ్గర పెట్టి, ఆ నంబరు కూడా ఆసుపత్రిలో ఇచ్చి ఉంటే సరిపోయేది గదా అని మీరడుగుతారు. అడగండి. మేమూ ఒకరినొకరం అడిగాం. ఇన్నాళ్ళూ మా భయమంతా చార్జింగు మీదే ఉంది, దాని చుట్టూనే గానుగెద్దుల్లా తిరిగాం, పక్కకు చూడలేదు. తలా కొంత వేసుకుని ఆ వారమే కొన్నాం. 5జీ గొడవ లేని ఫోను, ఒకసారి చార్జింగు పెడితే రోజుల తరబడి ఉంటుంది. ఆ నంబరు మొదటిదిగా రాయించాం. బావ తన పెద్ద ఫోన్ను 4జీలో పెట్టి, దాన్ని ఇక కదపనని ఒట్టు పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఆర్డర్లు మళ్ళీ జారిపోయాయి. ఈసారి హెచ్చరిక తరువాత ఖాతా నిజంగానే మూశారు. ఇప్పుడు వంటశాలలకు కూరగాయల మూటలు దించే పని చేస్తున్నాడు, ఆ కిటికీల వెనకే.

అక్క చేతిలో మిషను సూదులు గుచ్చే నరాలు ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. మొదట ఎడమ చెయ్యి, తరువాత కుడి, తరువాత మెడ దగ్గర గొట్టం. డాక్టరు చెప్పేది రోజురోజుకీ తగ్గుతూ వచ్చి, చివరికి తల ఊపడం దగ్గర ఆగింది. లిస్టు మేడం మళ్ళీ ఫోన్ చేయలేదు. చేయడానికి ఏమీ రాలేదు.

ఆ చిన్న ఫోను మాత్రం రోజూ మోగేది. చేసేది బావే. మూట దించి, చేయి తుడుచుకుని, అది పనిచేస్తోందా లేదా అని ఒకసారి కొట్టి చూసేవాడు. అక్క ఎత్తి, "మోగుతోంది, పెట్టెయ్యండి, వాళ్ళు చేస్తారేమో" అనేది. ఆయన వెంటనే పెట్టేసేవాడు. మళ్ళీ కాసేపటికి చేసేవాడు. రోజంతా వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఇంతే. ఒకసారి నేను పక్కనే ఉండి, ఇంకేమైనా మాట్లాడొచ్చుగా బావా అన్నాను. లైను ఖాళీగా ఉండాలి అన్నాడు.

మొన్న మధ్యాహ్నం మూటల మధ్య నిలబడి చేశాడు. పక్కనే ఉన్న నాకు కూడా వినపడుతోంది, అవతల మోగుతోంది. చివరిదాకా మోగి ఆగింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ మోగింది. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర వైపు చూశాడు, గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మళ్ళీ చేశాడు. ఈసారి పక్కింటావిడ ఎత్తింది.